మూడేళ్లుగా ఇంక్‌స్కేప్‌లో తెలుగు కామిక్ బుడగలు

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర మాది చిన్న డీటీపీ షాపు. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలే తిండి పెడతాయి. మూడేళ్ల కింద ఒక మిత్రుడు పిల్లల కామిక్ ఒకటి తెచ్చిండు. ఎవరైనా తమ భాషలోకి మార్చుకోవచ్చన్న లైసెన్సుతో వచ్చిన ఇంగ్లిష్ కథ. బొమ్మలు వేరు, పాత్రల మాటలుండే బుడగలు వేరు పొరల్లో ఉన్నాయి. ఆ పని కోసమే ఉచితంగా దొరికే, బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్ పట్టుకున్న. అప్పటి నుంచి ఇప్పటిదాకా నాలుగు పుస్తకాలకు దాంట్లోనే అక్షరాలు కూర్చిన.

ముందు మంచి సంగతి. ఇది యూనికోడ్ తెలుగును సరిగ్గా చూపిస్తుంది, ఒత్తులు విడిపోవు. అనూ ఫాంట్లలో కొట్టిన మాటలను ఇంకో చోట అతికిస్తే పిచ్చి గీతలయ్యే బాధ ఇక్కడ లేదు. కానీ ఇంగ్లిష్ బుడగలో తెలుగు పట్టించడం సాఫ్ట్‌వేర్ చేసే పని కాదని మొదటి పేజీలోనే తెలిసింది.

ఆ పేజీలో ముసలి పడవవాడు ఒక పిల్లను హెచ్చరిస్తాడు: ఒంటరిగా వెళ్లకు, నది పెరుగుతోంది అని. మిత్రుడు రాసిచ్చిన తెలుగు ఇది: "ఒంటరిగా వెళ్లవద్దు! నదిలో నీటిమట్టం పెరుగుతోంది." తప్పేమీ లేదు, బుడగలో పట్టదు. ఇంగ్లిష్‌లో చిన్న చిన్న మాటలు ఎక్కువ, ఎక్కడ కావాలంటే అక్కడ వరుస విరవచ్చు. మనకు "నీటిమట్టం", "పెరుగుతోంది" ఒక్కోటి ఒక్కో దిమ్మ. ఫాంటు తగ్గించి చూసిన. ఎనిమిది పాయింట్లకు దించితే పట్టింది గానీ ప్రింటు తీస్తే ఒత్తులు చీమల్లా కనిపించాయి. పిల్లల పుస్తకానికి పది పాయింట్ల కింద పెట్టొద్దని అప్పుడే అనుకున్న.

అందుకని ఫాంటు వదిలి వాక్యాన్ని పట్టుకున్న. మా దిక్కు పడవవాడైతే ఏమంటాడు? "బిడ్డా! ఒక్కదానివే పోకు, వాగొస్తుంది." అంతే. దాన్ని ఇట్లా విరిచిన:

బిడ్డా!
ఒక్కదానివే పోకు,
వాగొస్తుంది.

కోడిగుడ్డు ఆకారం బుడగకు పైన పొట్టి వరుస, నడుమ పొడుగు వరుస, కింద మళ్లీ పొట్టి వరుస కావాలి. పిలుపును ముందుకు తేగానే ఆ ఆకారం దానంతట అదే వచ్చింది. "వెళ్లవద్దు" కన్నా "పోకు" సగమే. "ఎక్కడికి వెళ్తున్నావు" అనేది "ఏడికి పోతున్నవ్" అయితే ఎంత జాగా మిగులుతుందో చూడండి. యాసను అందం కోసం పెట్టామని కొందరు అనుకున్నారు. నిజానికి నాకు ముందు అక్కరకొచ్చింది దాని పొట్టితనమే. ఊరికి దూరంగా చదివి వచ్చిన పాత్రకు మాత్రం ఆ భాష నప్పదు, అక్కడ మళ్లీ కుస్తీ తప్పదు.

విరుపులు నేనే ఎంటర్ కొట్టి పెడత. బుడగ ఆకారంలో మాటలను దానంతట అదే పారించే సౌకర్యం ఇంక్‌స్కేప్‌లో ఉంది గానీ, ఒక పొడుగు మాట కింది వరుసకు దూకితే పై వరుసలో గుంత పడుతుంది.

ఇంతలో ఇంకో చిక్కు. "బిడ్డా"లో డ ఒత్తు కిందికి దిగి, రెండో వరుసలోని "వే" ఏత్వం మీద కూచుంది. ఇంగ్లిష్ కామిక్‌లో అన్నీ పెద్దక్షరాలే కాబట్టి పైకీ కిందికీ ఏమీ పొడుచుకు రాదు, వరుసలను దగ్గరగా పేర్చవచ్చు. మనకు పైన గుడులు, కింద ఒత్తులు. ఇంక్‌స్కేప్ మామూలుగా ఇచ్చే వరుస దూరం 1.25. నోటో సాన్స్ తెలుగుతో దాన్ని 1.4 చేస్తే గానీ ఊపిరి ఆడలేదు. అందుకే ఇంగ్లిష్‌లో నాలుగు వరుసలు పట్టిన బుడగలో మనకు మూడే అని ముందే లెక్క వేసుకుంట. ఆ ఫాంటులోనే సన్నగా నొక్కిన రూపాలు కూడా ఉన్నాయి. మరీ ఇరుకైతే ఒక మెట్టు నొక్కుత, అంతకు మించి వద్దు. అక్షరాలను పక్కకు వంచడం అసలే వద్దు. ఇంగ్లిష్‌లో ఒత్తి పలికే మాటను లావుగా, వాలుగా రాస్తారు. మనకు "నేను"ను "నేనే" అంటే ఆ పని అయిపోతుంది.

జాగా లెక్కకు అందని తంటా ఒకటి ఉంది. మూడో పేజీలో పిల్ల మీద నింద పడుతుంది. "నేను ఆ తాడు తీయలేదు" అనబోతుంటే ఎవరో అడ్డుపడతారు, మాట మధ్యలో తెగుతుంది. ఇంగ్లిష్‌లో "కాదు" అనే ముక్క ముందే వస్తుంది కాబట్టి ఎక్కడ తెగినా ఒప్పుకోవడం లేదని తెలుస్తుంది. తెలుగులో "నేను ఆ తాడు..." దగ్గర తెగితే తీసిందా, తీయలేదా? తర్వాతి బొమ్మలో అందరూ ఆమెను కోపంగా చూస్తుంటారు, చదివేవాళ్లు ఒప్పుకుందనే అనుకుంటారు. మా ఇంట్లో పిల్లకు చూపిస్తే "దొంగ ఈమేనా?" అని అడిగింది. చివరికి "నేను కాదు! ఆ తాడు..." అని మార్చిన. తెగిన మాట వచ్చిన ప్రతిచోటా ఇప్పుడు ఇదే చూస్త.

చప్పుళ్ల సంగతికొస్తే, తాడు తెగే బొమ్మలో తాడు వాలు వెంట పెద్ద అక్షరాలున్నాయి. మనకు ఎదురుగానే ఉంది మాట, "పటుక్". దాన్ని గీత వెంట నడిపించి, అక్షరాలను గీతలుగా మార్చే Object to Path కొట్టి, ఒక్కో అక్షరాన్ని పెద్దది చేసుకుంటూ పోయిన. ఆ ఆజ్ఞ కొట్టాక కొమ్ములూ ఒత్తులూ అక్షరం నుంచి వేరు ముక్కలై ఉండొచ్చు. అక్షరాన్ని జరిపితే ఒత్తు అక్కడే ఉండిపోతుంది. జరపకముందే ఒక్కో అక్షరాన్ని దాని ఒత్తుతో కలిపి Ctrl+G కొట్టాలి. ఆ తర్వాత స్పెల్లింగ్ దిద్దలేం కాబట్టి అసలు మాటను ఒక దాచిన పొరలో ఉంచుకుంట.

చప్పుడును సాగదీయడం ఇంకో తమాషా. "ఢాం"ను సాగదీద్దామని దీర్ఘాన్ని మళ్లీ మళ్లీ కొడితే చుక్కల సున్నాలు వస్తాయి. "ఢాఆఆం" అని అచ్చు పెట్టాలి. "ఫట్" పక్కనే ఇంకో "ఫట్" కొడితే రెండో ఫ పోయి మొదటి ట కింద ఒత్తుగా వేలాడుతుంది. నడుమ కనిపించని అక్షరం ఒకటి పెట్టాలి: Ctrl+U, తర్వాత 200c, ఎంటర్. అప్పుడు "ఫట్‌ఫట్" సరిగ్గా నిలబడుతుంది.

ఇక నాకు నచ్చనిది. నేను వాడే వెర్షన్ రంగులను కంప్యూటర్ తెరకు సరిపోయే RGBలోనే ఇస్తుంది. మొదటి పుస్తకాన్ని అట్లనే నాలుగు రంగుల ప్రెస్‌కు పంపిన. నల్లటి అక్షరం నాలుగు సిరాల కలయికగా మారింది. ప్లేట్లు వెంట్రుకవాసి జరిగేసరికి ఒత్తుల చుట్టూ ఎర్రటి అంచు కనిపించింది, "క్క" ఒక మరకైంది. రెండు వందల కాపీలు అట్లనే పంచినం. ఇప్పుడు బుడగల పొరను పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ స్క్రైబస్‌లోకి తెచ్చి, అక్షరాలకు ఒట్టి నల్ల సిరా ఒక్కటే ఇస్తున్న. ఒక పేజీకి పావుగంట అదనం. ఫాంటు లేదని ప్రెస్‌వాళ్లు ఫోన్ చేయకుండా, అక్షరాలను గీతలుగా మార్చే పీడీఎఫే పంపుత.

ఐదో పుస్తకం మొదలైంది. ఈసారి మిత్రుణ్ని ముందే నా పక్కన కూచోబెట్టుకున్న, బుడగ చూస్తూనే రాస్తున్నడు.