ఆఫీసు మెయిల్ ఆటో ఫార్వర్డ్: సొంత జీమెయిల్‌కా, బయటి టూల్‌కా?

ఆటో ఫార్వర్డ్ రూల్‌కి మెయిల్‌లో ఏముందో పట్టదు. క్లయింట్ పాన్ కార్డు కాపీ, పాస్‌వర్డ్ రీసెట్ లింకు, అన్నీ వెళ్లిపోతాయి. సొంత జీమెయిల్‌కి వెళ్లిన కాపీలు ఉద్యోగం మానేశాక కూడా అక్కడే ఉంటాయి, ఆఫీసు వాళ్లు తుడిచేయలేరు. పిల్లలు వాడే ట్యాబ్‌లో అదే అకౌంట్ తెరిచి ఉంటే ఇక చెప్పక్కర్లేదు. అయినా, వెతికి డిలీట్ చేయడం మీ చేతిలోనే ఉంది.

టాస్కులు తయారుచేసే బయటి టూల్ సంగతి వేరు. మెయిల్ టాస్క్‌గా మారితే, ఆ టూల్‌లోని టాస్కుల బోర్డు చూసే వాళ్లందరికీ అటాచ్‌మెంట్ కూడా కనిపించవచ్చు. రూల్ తీసేస్తే కొత్తవి ఆగుతాయంతే, పాతవి ఆ టూల్ కంపెనీ సర్వర్లలోనే ఉంటాయి. నా లెక్కలో ఇదే ఎక్కువ ప్రమాదం.

మైక్రోసాఫ్ట్ 365లో మామూలుగా రెండూ ఆపేసే ఉంటాయి. మెయిల్ `550 5.7.520` ఎర్రర్‌తో తిరిగొస్తే కారణం అదే.