రెప్ప వేయమనాలా, రంగులు మెరిపించాలా, ఊరికే చూడాలా: ముఖం తనిఖీకి ఏది మేలు?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు బ్యాంక్ మిత్రల దగ్గర ఖాతా తెరవాలన్నా, లోను కావాలన్నా ఇప్పుడు చాలాసార్లు ఫోన్ కెమెరాకు ముఖం చూపించాల్సి వస్తోంది. కెమెరా ముందున్నది మనిషా, ప్రింటు తీసిన ఫొటోనా, ఇంకో ఫోన్ తెర మీది బొమ్మా అన్నది తేల్చేదే లైవ్‌నెస్ చెక్. దీనికి మూడు దారులున్నాయి. మనిషితో ఏదో ఒకటి చేయించడం మొదటిది. ఫోన్ తెరను రంగురంగులుగా మెరిపించి, ఆ వెలుగు ముఖం మీద ఎలా పడిందో చూడడం రెండోది. ఏమీ అడగకుండా వచ్చిన చిత్రాన్నే పరీక్షించడం మూడోది.

చేయించే పద్ధతిలో అందరికీ తెలిసింది రెప్ప వేయడం. ఆధార్ ఫేస్ యాప్ కూడా అదే అడుగుతుంది. మామూలు ప్రింటు రెప్ప వేయదు కాబట్టి దాన్ని ఇది ఆపుతుంది. కానీ రెప్ప వేసే వీడియోను ఇంకో ఫోన్‌లో ఆడిస్తే ఇదొక్కటే ఆపలేదు. పైగా రెప్పపాటు సెకనులో పదో వంతు నుంచి మూడో వంతు దాకానే ఉంటుంది. చీకటి గదిలో చవక ఫోన్ కెమెరా సెకనుకు 30 ఫ్రేములు తీయాల్సింది పదికో పదిహేనుకో పడిపోతుంది. అప్పుడు చిన్న రెప్పపాటుకు దక్కేది ఒకటో రెండో ఫ్రేములు, అవీ మసకగా. "మళ్లీ రెప్ప వేయండి తాతా" అని అడిగించుకునే పెద్దాయన తప్పేమీ లేదు, గదిలో వెలుగు చాలలేదంతే.

తల తిప్పించడం ఇంతకంటే గట్టిది. నిజమైన ముఖం తిరిగితే ముక్కు ముందుకొచ్చి చెంపను కప్పుతుంది, ఒక చెవి కనిపించకుండా పోతుంది. కాగితాన్ని ఎంత తిప్పినా ముఖమంతా ఒక్కలాగే నొక్కుకుపోతుంది, చెవి ఎక్కడికీ పోదు. ముందే తీసిన వీడియోకు చిక్కకూడదంటే ఎటు తిప్పాలో ప్రతిసారీ మార్చి అడగాలి. ఇక్కడ ఇంకో చిక్కుంది. ఒడియా, హిందీ అక్షరాలు చదవలేని తెలుగువాళ్లకు "కుడివైపు" అన్న రాత పనికిరాదు. ముందు కెమెరా అద్దంలా చూపిస్తుంది కాబట్టి చదివినవాళ్లూ తికమకపడతారు. రాతకు బదులు తెర మీద కదిలే చుక్క చూపించి, దాన్నే చూస్తూ తల తిప్పమనాలి.

రంగుల పద్ధతి వినడానికి బాగుంటుంది. ముఖం మీది గుంటలూ ఎత్తులూ ఆ వెలుగును ఒక్కోచోట ఒక్కోలా వెనక్కిస్తాయి, చదునైన కాగితం అలా ఇవ్వదు. లెక్క వేసి చూడండి. 500 నిట్‌ల ప్రకాశం ఉన్న మామూలు ఫోన్ తెరను ముఖానికి 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే, తెల్లగా మెరిసినప్పుడు కూడా ముఖం మీద పడేది 60 లక్స్‌కు అటూ ఇటూగా. ట్యూబ్‌లైట్ గదిలో 100, 200 లక్స్ ఉంటుంది కాబట్టి తేడా తెలుస్తుంది. పగటిపూట అరుగు మీద నీడలోనే వేలల్లో ఉంటుంది, ఎండలో లక్ష దాకా పోతుంది. ఆ వెలుగులో 60 లక్స్ మార్పు ఆనవాలుకు కూడా దొరకదు. సంతలో గొడుగు కింద కూర్చుని పని చేసే ఏజెంటుకు ఈ పద్ధతి ఇవ్వకూడదు.

ఏమీ అడగని పద్ధతి తెర గీతలనూ, ప్రింటు చుక్కలనూ, కాగితం అంచులనూ, మెరుపునూ వెతుకుతుంది. తెర పిక్సెళ్ల గళ్లూ కెమెరా గళ్లూ ఒకదానిమీద ఒకటి పడి అలల్లాంటి చారలు పుడతాయి. నకిలీని పట్టించే ముఖ్యమైన ఆనవాళ్లలో ఇదొకటి. దీన్ని పోగొట్టేది ఎక్కువగా నెట్‌వర్కే. కొండ ఊళ్లలో సిగ్నల్ చాలక యాప్ ఫొటోను బాగా కుదించి సర్వర్‌కు పంపిస్తే ముందు చెరిగిపోయేవి ఆ సన్నటి చారలే. నకిలీ దాటిపోతుంది, అసలు మనిషి ముఖం మైనంలా నునుపై తిరస్కారానికి గురవుతుంది. అందుకే ఈ పరీక్ష ఫోన్‌లోనే జరగాలి, లేదా ముఖం ఉన్న భాగం వరకైనా కుదించకుండా పంపాలి.

మా మాట ఇది: ముందు ఏమీ అడగని పరీక్ష పెట్టండి. అది అనుమానపడినప్పుడే తల తిప్పమని అడగండి. రెప్పను తప్పనిసరి చేయకండి. యాసిడ్ దాడిలో కనురెప్పలు పోయినవాళ్లు, చూపు లేనివాళ్లు వేసిన కేసులో 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ కేవైసీ అందరికీ అందేలా ఉండాలని చెప్పింది. అదే ఏడాది ఆగస్టులో రిజర్వ్ బ్యాంక్ కూడా, లైవ్‌నెస్ చెక్ వల్ల ప్రత్యేక అవసరాలున్నవాళ్లు బయటే మిగిలిపోకూడదని కేవైసీ నిబంధనల్లో చేర్చింది. తల కూడా తిప్పలేనివాళ్లకు మనిషే చూసి తేల్చే దారి ఉంచాలి.

యాప్ కొనేముందు మీ సెంటర్‌లోనే పరీక్షించండి. మామూలు కాగితం ప్రింటు, ఫొటో పేపర్ ప్రింటు, ఇంకో ఫోన్‌లో వీడియో, ఈ మూడింటినీ గదిలో, అరుగు మీద, ఎండలో విడివిడిగా చూపించండి. అవే చోట్ల అరవై దాటిన పెద్దవాళ్లనూ నిలబెట్టండి. దాటిపోయిన నకిలీలూ, వెనక్కి పంపిన అసలు మనుషులూ రెండు వేర్వేరు లెక్కలు. ISO/IEC 30107-3 ప్రమాణం కూడా వీటిని విడిగానే కొలవమంటుంది. అమ్మేవాళ్లు రెంటినీ కలిపి ఒకే శాతం చెబితే, విడగొట్టి చూపించమని అడగండి. కెమెరానే దాటవేసి నకిలీ వీడియోను నేరుగా యాప్‌లోకి ఎక్కించే మోసాన్ని ఈ మూడు పద్ధతులూ వాటంతట అవి ఆపవు. దానికి యాప్‌లో, ఫోన్‌లో వేరే కాపలా ఏముందో కూడా అడిగి తెలుసుకోండి.