స్టేబుల్‌కాయిన్ పెగ్ జారడాన్ని తొందరగా పట్టుకునే స్క్రిప్ట్: చాలాకాలం వాడాక నా సమీక్ష

2023 మార్చిలో సిలికాన్ వ్యాలీ బ్యాంక్ మూతపడింది. ఎప్పుడూ ఒక డాలర్ దగ్గరే నిలవాల్సిన స్టేబుల్‌కాయిన్ యూఎస్‌డీసీ నిల్వల్లో 330 కోట్ల డాలర్లు అక్కడే ఉన్నాయని తెలియగానే ఆ కాయిన్ 0.88 డాలర్ దరిదాపులకు జారిపోయింది. ఆ వారాంతం తర్వాతే ఈ స్క్రిప్ట్ రాసుకున్నాను. క్రాకెన్, బిట్‌స్టాంప్, బిట్‌ఫినెక్స్ ఎక్స్ఛేంజ్‌లలో యూఎస్‌డీసీ ధరను ఇది రెండు నిమిషాలకోసారి చూస్తుంది.

```
*/2 * * * * flock -n /tmp/peg.lock python3 /home/me/peg.py
```

ముందటి రన్ ఇంకా పూర్తికాకపోతే `flock` కొత్తదాన్ని మొదలవ్వనివ్వదు. ఎక్స్ఛేంజ్‌లు నెమ్మదించేది సరిగ్గా గందరగోళం రేగినప్పుడే కాబట్టి ఇది తప్పనిసరి.

నాకు బాగా పనికొచ్చింది మూడు ధరల్లో మధ్యది తీసుకోవడం. ఉదాహరణకు 0.9991, 0.9988, 0.9610 వచ్చాయనుకోండి. సగటు తీస్తే 0.9863, అంటే పెద్ద టెన్షన్. మధ్య విలువ మాత్రం 0.9988. కాయిన్ బాగానే ఉంది, తేడా ఆ మూడో ఎక్స్ఛేంజ్‌లో ఉంది. 2025 అక్టోబర్‌లో యూఎస్‌డీఈ అనే మరో స్టేబుల్‌కాయిన్ బైనాన్స్ ఎక్స్ఛేంజ్‌లో 0.65 దాకా పడినప్పుడు మిగతా చోట్ల డాలర్‌కు దగ్గరగానే ఉంది. అందుకే నా స్క్రిప్ట్ రెండు రకాల మెసేజ్‌లు పంపుతుంది: మధ్య విలువ 0.997 కన్నా దిగువన వరసగా మూడుసార్లు వస్తే ఒకటి, ఒక్క చోటే తేడా ఉంటే ఇంకొకటి. మధ్య విలువ 0.99 దాటి కిందికి పోతే మాత్రం మూడోసారి దాకా ఆగకుండా వెంటనే మోగుతుంది.

ధర ఏ జతలో చూస్తున్నామన్నది కూడా ముఖ్యమే. యూఎస్‌డీసీని టెథర్ స్టేబుల్‌కాయిన్ యూఎస్‌డీటీతో పోల్చి చూస్తే ఏది కదిలిందో తెలియదు. ఆ మార్చిలో యూఎస్‌డీటీ డాలర్‌కన్నా కాస్త పైకి వెళ్లింది, అందువల్ల ఆ జతలో పతనం అసలుకన్నా ఎక్కువగా కనిపించింది. రెండూ కలిసి పడితే అసలేమీ కనిపించదు. కాబట్టి డాలర్ జతలే వాడండి. బిట్‌ఫినెక్స్‌లో యూఎస్‌డీసీ గుర్తు `tUDCUSD`. అక్కడ `tUSTUSD` అంటే టెథర్, కుప్పకూలిన టెర్రా కాయిన్ కాదు.

చివరి లావాదేవీ ధరకు బదులు నేను బిడ్ చూస్తాను, ఎందుకంటే అమ్మాలంటే ఇప్పుడు దొరికేది అదే. జవాబు రాని ఎక్స్ఛేంజ్‌కు పాత ధర పెట్టను, ఖాళీగానే వదిలేస్తాను. రెండు చోట్ల నుంచి జవాబు లేకపోతే "ధర తెలియడం లేదు" అని మెసేజ్ వస్తుంది. ఇది లేకపోతే స్క్రిప్ట్ నిశ్శబ్దంగా ఉన్నది అంతా బాగుండబట్టా, లేక చూడలేకపోతోందా అన్నది అర్థం కాదు.

ఇక దీని పరిధి. ఎవరో అప్పటికే అమ్మడం మొదలుపెట్టాకే ఇది చెబుతుంది, నిల్వల సంగతి దీనికి తెలియదు. యూఎస్‌డీసీ పడింది వారాంతంలో. బ్యాంకులు మూసి ఉండడంతో డాలర్‌గా మార్చుకునే దారి కూడా అప్పుడు ఇరుకైపోయింది. అలాంటి వేళ అలర్ట్ వస్తే ఏ ఎక్స్ఛేంజ్‌లో ఎంత అమ్మాలో ముందే రాసి పెట్టుకున్నాను.