పాత కారును షోరూమ్‌కు ఇవ్వడమా, బయట అమ్మడమా: ఏది మేలు?

కొత్త కారు కొనబోతున్నవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. వారి పాత కారుకు షోరూమ్ వారు ఎంత కట్టారని అడిగితే వెంటనే ఒక అంకె చెబుతారు. ఎక్స్ఛేంజ్ లేకుండా అదే కొత్త కారును ఎంతకు ఇస్తారని అడిగితే మాత్రం చాలామంది దగ్గర సమాధానం ఉండదు. ఈ రెండో అంకె తెలియనిదే మొదటి అంకెకు అర్థం లేదు. నా దృష్టిలో ఈ నిర్ణయమంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

షోరూమ్‌లో జరిగేవి నిజానికి రెండు బేరాలు. ఒకటి కొత్త కారు ధరపై, రెండోది పాత కారు ధరపై. రెండింటినీ ఒకేసారి మాట్లాడితే అమ్మేవారు ఒక చోట తగ్గించిన మొత్తాన్ని ఇంకోచోట పెంచి చూపగలరు. పాత కారుకు మంచి ధర వచ్చిందని మనం సంతోషిస్తాం కానీ, అందులో కొంత భాగం కొత్త కారుపై మనకు రావలసిన డిస్కౌంటే కావచ్చు. అందుకే ముందుగా పాత కారు ప్రస్తావన తేకుండా కొత్త కారు చివరి ధరను రాతపూర్వకంగా తీసుకోవాలి. ఆ తరువాతే ఎక్స్ఛేంజ్ మాట ఎత్తి, పాత కారు ఇచ్చాక మనం అదనంగా చెల్లించవలసిన తేడా ఎంతో అడగాలి. మొదటి మొత్తంలోంచి రెండోదాన్ని తీసివేస్తే మిగిలేదే షోరూమ్ మన కారుకు నిజంగా ఇస్తున్న ధర.

ఈ మధ్య నేను కారు మార్చినప్పుడు వేసుకున్న లెక్కనే చెబుతాను. పోల్చడానికి తేలికగా ఉండేందుకు కొత్త కారు ముద్రిత ధరను 1000 పాళ్లుగా తీసుకుని, మిగిలిన మొత్తాలను ఆ నిష్పత్తిలోకి మార్చాను. ఏడేళ్లు వాడిన నా కారుకు షోరూమ్ 400 కట్టింది, కాబట్టి నేను చెల్లించవలసిన తేడా 600. ఎక్స్ఛేంజ్ లేకుండా కొంటే అదే కారును 960కి ఇస్తామని అంతకుముందే రాసి ఇచ్చారు. అంటే 400 అని చెప్పిన నా కారుకు నిజంగా పలికింది 360 మాత్రమే. మిగిలిన 40 నాకు ఎలాగూ రావలసిన డిస్కౌంటు.

బయట ఎంత పలుకుతుందో తెలుసుకోవడానికి ప్రకటనల్లోని ధరలను ఉన్నవి ఉన్నట్టుగా నమ్మకూడదు. అవి అమ్మేవారు ఆశిస్తున్న ధరలే తప్ప, అమ్ముడైన ధరలు కావు. నా కారుతో మోడల్, వేరియంట్, తయారైన ఏడాది, ఇంధనం, తిరిగిన కిలోమీటర్లు దగ్గరగా సరిపోయే పదకొండు ప్రకటనలను ఎంచుకుని మూడు వారాల పాటు గమనించాను. ధరలు 420 నుంచి 480 వరకు ఉన్నాయి. 440, అంతకంటే తక్కువ పెట్టినవి ఒక్కొక్కటిగా మాయమయ్యాయి. 460 దాటినవి అలాగే ఉండిపోయాయి, లేదా ధర తగ్గించుకున్నాయి. దీన్ని బట్టి కొనేవారు ఏ ధర దగ్గర ముందుకు వస్తున్నారో స్పష్టమైంది. బేరానికి కొంత చోటు వదిలి 430కి ప్రకటన ఇచ్చాను, 410కి అమ్మాను. శుభ్రం చేయించడానికి, చిన్న మరమ్మతులకు, ప్రకటనకు కలిపి 10 ఖర్చయింది. చేతికి మిగిలిన 400ను షోరూమ్ వారి అసలు ధర 360తో పోలిస్తే 40 పాళ్ల లాభం. నాలుగైదు వారాల శ్రమకు, అపరిచితులకు కారు చూపించడానికి, ఆ ఎదురుచూపులకు దక్కిన ప్రతిఫలం అంతే. అది సరిపోతుందని నాకు అనిపించింది. తీరిక లేనివారికి అలా అనిపించకపోతే తప్పేమీ లేదు.

అయితే ఈ లెక్కను తలకిందులు చేయగల అంశం ఒకటుంది. అది పన్ను. కొన్ని చోట్ల కొత్త కారు పూర్తి ధర మీద పన్ను వేస్తారు, మరికొన్ని చోట్ల ఎక్స్ఛేంజ్ విలువను తీసివేసి మిగిలిన తేడా మీదే వేస్తారు. పైన చెప్పిన మొత్తాలు పన్నుకు ముందువని, పన్ను 10 శాతమని అనుకుందాం. తేడా మీదే పన్ను పడే చోట ఎక్స్ఛేంజ్‌లో 600 మీద 60 కడతాం, విడిగా కొంటే 960 మీద 96 కడతాం. ఎక్స్ఛేంజ్ వల్ల 36 మిగులుతుంది కాబట్టి బయట అమ్మడంలోని 40 పాళ్ల లాభం 4కు పడిపోతుంది. అంత స్వల్ప మొత్తం కోసం వారాల తరబడి తిరగమని నేను ఎవరికీ చెప్పను. అలాగే ఎక్స్ఛేంజ్ బోనస్ ఇచ్చే చోట, పాత కారును బయట అమ్మి బదిలీ పత్రం చూపినా అది వర్తిస్తుందేమో అడిగి తెలుసుకోవాలి. కొన్ని కంపెనీలు అలా ఇస్తాయి.

కారు స్థితి కూడా నిర్ణయాన్ని మారుస్తుంది. వాడిన కారు కొనే వ్యాపారి మొదట దాన్ని తిరిగి ఎంతకు అమ్మగలనో అంచనా వేసి, అందులోంచి మరమ్మతు ఖర్చు, అమ్ముడయ్యే దాకా పట్టి ఉంచే ఖర్చు, తన లాభం తీసివేసి మనకు ధర చెబుతాడు. క్లచ్ లేదా గేర్‌బాక్స్ పోయిన కారును అతను తన వర్క్‌షాప్ ఖర్చుతో లెక్కగడతాడు. అదే లోపాన్ని సొంతానికి కొనేవారు తెలియని భయంతో లెక్కగడతారు కాబట్టి అసలు ఖర్చుకు మించి తగ్గించమంటారు. కనుక పెద్ద లోపమున్న కారుకు ఎక్స్ఛేంజ్ మేలు. సర్వీస్ రికార్డు పూర్తిగా ఉండి, సక్రమంగా నడిచే కారుకు మాత్రం బయటి ధరే ఎక్కువ.

లోపాన్ని దాచడం వల్ల ప్రయోజనం లేదు. నా కారు వెనుక తలుపుకు ఒకసారి గీత పడితే మళ్లీ రంగు వేయించాను. కొనడానికి వచ్చినవారి మెకానిక్ పెయింట్ మందం కొలిచే పరికరం పెట్టి చూస్తే మిగతా చోట్ల సుమారు 120 మైక్రాన్లు, ఆ తలుపు మీద 300 దాకా వచ్చింది. నేను ముందే చెప్పి రంగు వేయించిన రసీదు చూపించి ఉండకపోతే, అది పెద్ద ప్రమాదమని అనుమానించి బేరం వదిలేసేవారు. టైర్ల విషయంలోనూ అంతే. పక్కన అచ్చయిన నాలుగు అంకెలు అవి తయారైన వారాన్ని, ఏడాదిని చెప్పేస్తాయి. 2319 అంటే 2019లో 23వ వారం.

కమీషన్ మీద అమ్మిపెట్టేవారు, ఆన్‌లైన్‌లో వెంటనే కొనే సంస్థలు కూడా ఉన్నాయి. వారి ధర సాధారణంగా వ్యాపారి ధరకు దగ్గరగానే ఉంటుంది కాబట్టి షోరూమ్ ధరను సరిచూసుకోవడానికి ఒకటి రెండు కొటేషన్లు తీసుకుంటే చాలు.

నా మొగ్గు బయట అమ్మడం వైపే అయినా, షోరూమ్ వారి ధరను నేను వదులుకోలేదు. అది ఏ తేదీ దాకా చెల్లుతుందో రాయించుకుని, కొత్త కారు డెలివరీకి పట్టే వారాలను అమ్మకానికి వాడుకున్నాను. ఆలోగా కారు అమ్ముడుపోకపోతే 360కే ఇచ్చేసేవాణ్ని. కారు మీద అప్పు మిగిలి ఉంటే ఈ గడువులోనే రుణదాత నుంచి బాకీ లేదనే పత్రం తీసుకోవాలి. అది లేకుండా ప్రకటన ఇస్తే కొనేవారు వచ్చి వెనుదిరుగుతారు.

చివరగా, కారు ఎవరికిచ్చినా అప్పగించిన తేదీ, సమయం, ఓడోమీటర్ మీది అంకె రాసి సంతకం తీసుకోవాలి. సొమ్ము ఖాతాలో పడినట్టు బ్యాంకు ద్వారా మనమే నిర్ధారించుకునే దాకా తాళాలు ఇవ్వకూడదు. యాజమాన్య బదిలీ నమోదయ్యే వరకు ఆ కారు మీద పడే జరిమానాలు మన పేరు మీదే వచ్చే అవకాశం ఉంది. షోరూమ్‌కు ఇచ్చినప్పుడు చాలామంది ఈ సంగతి మరిచిపోతారు. అక్కడ కూడా బదిలీ ఎప్పటిలోగా పూర్తి చేస్తారో రాయించుకుని, ఆ గడువు దాటగానే నేరుగా రికార్డులో చూసుకోవాలి.