కంపెనీ లాగిన్‌తోనే క్లౌడ్ కన్సోల్: కొన్నేళ్లు వాడాక నా సమీక్ష

మా కంపెనీలో మెయిల్‌కీ, ఫైళ్లకీ వాడే మైక్రోసాఫ్ట్ ఎంట్రా ఐడీ ఖాతాతోనే అమెజాన్ క్లౌడ్ అయిన ఏడబ్ల్యూఎస్ కన్సోల్‌లోకి వెళ్లేలా పెట్టుకుని కొన్నేళ్లయింది. మధ్యలో ఉండేది ఏడబ్ల్యూఎస్ వాళ్ల ఐఏఎం ఐడెంటిటీ సెంటర్. దాని నిర్వహణ నా చేతిలోనే ఉంది. పెట్టుకోవాలా వద్దా అని ఎవరైనా అడిగితే తప్పకుండా పెట్టుకోమంటాను. కానీ ఉద్యోగి వెళ్లిపోయిన రోజు ఇది ఎలా పనిచేస్తుందో తెలుసుకోకుండా మాత్రం పెట్టుకోవద్దు. ఈ సమీక్షలో ఎక్కువ భాగం దాని గురించే.

రోజూ వాడేవాళ్లకు ఇది హాయిగా ఉంటుంది. ఇదివరకు ఒక్కో మనిషికి ఒక్కో ఏడబ్ల్యూఎస్ అకౌంట్‌లో ఒక్కో యూజర్, ఒక్కో పాస్‌వర్డ్, ఒక్కో ఎంఎఫ్ఏ ఉండేవి. ఇప్పుడు ఒక పోర్టల్ లింకు తెరిస్తే కంపెనీ లాగిన్ పేజీ వస్తుంది. లాగిన్ అయ్యాక తనకు హక్కున్న అకౌంట్లు, వాటిలో తను ఏమేం చేయొచ్చో చెప్పే పర్మిషన్ సెట్లు వరసగా కనిపిస్తాయి. నొక్కితే కన్సోల్ తెరుచుకుంటుంది. కమాండ్ లైన్ వాడేవాళ్లు కూడా ఒకసారి `aws configure sso` చేసుకుంటే చాలు. ఆ తర్వాత రోజూ ఇంతే:

```
aws sso login --profile prod-read
aws sts get-caller-identity --profile prod-read
```

రెండో కమాండ్‌కి వచ్చే జవాబులో `AWSReservedSSO_` తో మొదలయ్యే రోల్ పేరు, దాని చివర ఆ మనిషి యూజర్‌నేమ్ ఉంటాయి. క్లౌడ్‌ట్రెయిల్ లాగ్‌లోనూ అదే కనిపిస్తుంది. ఏ పని ఎవరు చేశారో వెతుక్కోవడం అంత తేలికవడం నాకు అన్నిటికన్నా నచ్చింది.

లోపల రెండు వేర్వేరు దారులున్నాయి. లాగిన్ నడిచేది సామెల్ మీద. అంటే ఎంట్రా ‘ఇతను ఫలానా’ అని సంతకం పెట్టి పంపుతుంది, ఐడెంటిటీ సెంటర్ ఆ సంతకాన్ని నమ్ముతుంది. ఎవరున్నారు, ఏ గ్రూపులో ఉన్నారు అన్న జాబితా మాత్రం స్కిమ్ ద్వారా విడిగా వస్తుంది. ఎంట్రా ఆ జాబితాను సుమారు 40 నిమిషాలకోసారి పంపుతుంది. ఈ రెండూ వేరని గుర్తుంటే కింద చెప్పేదంతా సులువుగా అర్థమవుతుంది.

ఒకసారి మా దగ్గర ఒక కాంట్రాక్ట్ ఇంజనీరు పని సాయంత్రం నాలుగింటికి ముగిసింది. హెచ్ఆర్ చెప్పగానే ఆఫీసులోని యాక్టివ్ డైరెక్టరీలో అతని ఖాతా మూసేశారు. ఇక అతను ఎక్కడికీ వెళ్లలేడనే అందరం అనుకుంటాం కదా. మర్నాడు క్లౌడ్‌ట్రెయిల్ చూస్తే రాత్రి బాగా పొద్దుపోయేదాకా అతని పేరు మీద ఎస్3 రిక్వెస్టులున్నాయి. అతనేమీ దురుద్దేశంతో చేయలేదు. మధ్యాహ్నం ఒక సర్వర్ మీద రిపోర్టు స్క్రిప్టు నడపడానికి పోర్టల్ నుంచి తాత్కాలిక కీలు కాపీ చేసి పెట్టాడు, ఆ స్క్రిప్టు అలా నడుస్తూనే ఉంది. నష్టమేమీ జరగలేదు కానీ, ఖాతా మూశాక కూడా అన్ని గంటలు ఎలా పనిచేసిందన్నది తేల్చుకోవాల్సి వచ్చింది.

గంటల లెక్క వేసి చూద్దాం. నాలుగింటికి యాక్టివ్ డైరెక్టరీలో ఖాతా మూశారు. అది ఎంట్రాకి తెలియాలంటే సింక్ జరగాలి. డీఫాల్ట్‌గా అది 30 నిమిషాలకోసారి, కాబట్టి ఆలస్యమైతే నాలుగున్నర. అప్పటినుంచి కొత్తగా లాగిన్ కాలేడు. ఎంట్రా ఆ సంగతి ఐడెంటిటీ సెంటర్‌కి స్కిమ్‌లో చెప్పడానికి ఇంకో 40 నిమిషాలు, అంటే ఐదూ పది. ఈలోగా అతని బ్రౌజర్‌లో పోర్టల్ తెరిచి ఉంటే అది పనిచేస్తూనే ఉంటుంది. ఎందుకంటే పోర్టల్ సెషన్‌కి సొంత కాలపరిమితి ఉంది. డీఫాల్ట్ 8 గంటలు, కావాలంటే 90 రోజులదాకా పెంచుకోవచ్చు. ఆ సెషన్ బతికున్నంతసేపూ ప్రతి క్లిక్కుకీ ఎంట్రాని మళ్లీ అడగదు.

ఇంకా పెద్దది తర్వాత వస్తుంది. పోర్టల్‌లో ఒక అకౌంట్‌ని నొక్కినప్పుడు దొరికే తాత్కాలిక హక్కుకి, అంటే రోల్ సెషన్‌కి, మరో కాలపరిమితి ఉంటుంది. అది పర్మిషన్ సెట్‌లో పెట్టేది. డీఫాల్ట్ 1 గంట, గరిష్ఠం 12 గంటలు. మళ్లీ మళ్లీ లాగిన్ అవ్వడం విసుగని డెవలపర్లు అడిగితే మా దగ్గర అప్పట్లో 12 పెట్టి ఉండేది. యూజర్‌ని మూసేసినా, గ్రూపులోంచి తీసేసినా అప్పటికే ఇచ్చిన రోల్ కీలు వాటి గడువు అయ్యేదాకా చెల్లుతాయి. లెక్క ప్రకారం చూస్తే, ఐదూ ఐదుకి ఎవరైనా పోర్టల్‌లో ఒక్క క్లిక్ చేసి కీలు తీసుకుంటే అవి మర్నాడు తెల్లవారుజామున ఐదూ ఐదు దాకా పనిచేస్తాయి. ఖాతా మూసిన పదమూడు గంటల తర్వాత కూడా అన్నమాట. ఇది బగ్ కాదు, తాత్కాలిక కీలు పనిచేసే తీరే అంత.

అందుకే తర్వాత గడువులు మార్చాం. అడ్మిన్ హక్కులున్న పర్మిషన్ సెట్లకి 1 గంట, చదవడానికి మాత్రమే ఉన్నవాటికి 8 గంటలు, పోర్టల్‌కి 8 గంటలు. గంటకోసారి లాగిన్ అంటే గొడవ చేస్తారేమో అనుకున్నాం కానీ పెద్దగా రాలేదు. కమాండ్ లైన్ వాడేవాళ్లకైతే తేడానే తెలియలేదు. పోర్టల్ సెషన్ ఉన్నంతసేపూ గంట కాగానే అదే కొత్త కీలు తెచ్చుకుంటుంది, యూజర్‌ని మూసేస్తే ఆ తెచ్చుకోవడం ఆగిపోతుంది. కన్సోల్‌లో పనిచేసేవాళ్లు మాత్రం గంట దాటితే పోర్టల్‌కి వెళ్లి మళ్లీ నొక్కాలి. ఏదైనా పెద్ద మార్పు మధ్యలో ఉన్నప్పుడు అది చికాకే. అడ్మిన్ హక్కు విషయంలో ఆ చికాకు పడొచ్చనే నా అభిప్రాయం.

అర్జెంటుగా ఒకరిని బయటికి పంపాల్సి వస్తే సింక్‌ల కోసం కూర్చోం. సింక్ సర్వర్ మీద `Start-ADSyncSyncCycle -PolicyType Delta` నడిపితే ఎంట్రాకి వెంటనే తెలుస్తుంది. ఎంట్రాలో ఆ మనిషి ఒక్కడికే Provision on demand నొక్కితే ఐడెంటిటీ సెంటర్‌కి చేరుతుంది. అక్కడ అతని యాక్టివ్ సెషన్లు కూడా తీసేస్తే పోర్టల్ పూర్తిగా మూసుకుంటుంది. మిగిలేది అప్పటికే బయటికెళ్లిన రోల్ కీలు. వాటిని ఆపడానికి ఆర్గనైజేషన్ స్థాయిలో, అకౌంట్లన్నిటికీ హద్దులు పెట్టే ఎస్‌సీపీ అనే పాలసీలో ఈ ముక్క పెడతాం:

```
{
  "Effect": "Deny",
  "Action": "*",
  "Resource": "*",
  "Condition": {
    "StringEquals": {
      "identitystore:userId": "USER-ID"
    }
  }
}
```

`USER-ID` దగ్గర ఐడెంటిటీ సెంటర్‌లో కనిపించే ఆ యూజర్ ఐడీ రావాలి, మెయిల్ కాదు. గడువు దాటాక ఈ ముక్క తీసేయొచ్చు. ఒక పరిమితి ఉంది: ఎస్‌సీపీ మేనేజ్‌మెంట్ అకౌంట్ మీద పనిచేయదు. అందుకే ఆ అకౌంట్‌లో రోజువారీ పనికి ఎవరికీ హక్కు ఇవ్వం.

ఇన్ని చేసినా ఈ కంపెనీ లాగిన్ పద్ధతికి, అంటే ఫెడరేషన్‌కి, అస్సలు కనిపించని దారి ఒకటుంది. అవి ఏడబ్ల్యూఎస్ అకౌంట్లలోనే నేరుగా సృష్టించిన పాత ఐఏఎం యూజర్లు, వాళ్ల యాక్సెస్ కీలు. అవి ఎంట్రాని అడగవు, వాటికి గడువూ లేదు. అడ్మిన్ హక్కున్న మనిషి కంపెనీ లాగిన్‌తోనే లోపలికొచ్చి ఒక ఐఏఎం యూజర్‌ని సృష్టించి కీ తీసుకున్నా అంతే, అతని కంపెనీ ఖాతా పోయినా ఆ కీ ఉంటుంది. ప్రతి అకౌంట్‌లో `aws iam generate-credential-report` నడిపి, రిపోర్టు తయారయ్యాక `aws iam get-credential-report --query Content --output text | base64 --decode` తో వచ్చిన జాబితా చూసి పాతవి ఏరేశాం. తర్వాత `iam:CreateUser`, `iam:CreateAccessKey` రెండింటినీ ఎస్‌సీపీలో ఆపేసి, తప్పనిసరైన చోట్ల మాత్రం మినహాయింపు ఇచ్చాం. ఈ పని చేయకుండా సింగిల్ సైన్ ఆన్ పెట్టేసి భద్రత వచ్చేసిందనుకుంటే, ముందు తలుపుకి మంచి తాళం వేసి పెరటి తలుపు తీసి పెట్టినట్టే.

గడువుల మాట వచ్చింది కాబట్టి, టెన్షన్ పెట్టే మరో రెండు తేదీలున్నాయి. ఎంట్రా ఆ జాబితా పంపడానికి వాడే స్కిమ్ టోకెన్‌కి ఏడాది గడువు. ఎంట్రా ఇచ్చే సామెల్ సర్టిఫికెట్‌కి డీఫాల్ట్‌గా 3 ఏళ్లు. రెండూ పోయినప్పుడు కనిపించే తీరు వేరు. సర్టిఫికెట్ గడువు పట్టించుకోకపోతే సమస్య లాగిన్ దగ్గరే బయటపడుతుంది, గొడవ వెంటనే తెలుస్తుంది. టోకెన్ పోతే మాత్రం చప్పుడుండదు. పాతవాళ్లందరూ ఎప్పటిలాగే లోపలికి వెళ్తుంటారు. కొత్తగా చేరిన మనిషికి కంపెనీ లాగిన్ సరిగ్గానే అయి, ఆ తర్వాత ఐడెంటిటీ సెంటర్ దగ్గర ఎర్రర్ వస్తుంది. వెళ్లిపోయినవాళ్ల పేర్లేమో జాబితాలో అలాగే ఉండిపోతాయి. ‘పాతవాళ్లకి బాగుంది, కొత్తవాళ్లకి రావట్లేదు’ అని ఎవరైనా అంటే నేను మొదట చూసేది ఎంట్రాలోని ప్రొవిజనింగ్ లాగ్. మా దగ్గర ఒకసారి సరిగ్గా ఇదే జరిగింది.

టోకెన్లు ఒకేసారి రెండు ఉంచుకోవచ్చు. కాబట్టి కొత్తది తయారుచేసి ఎంట్రాలో పెట్టి, టెస్ట్ కనెక్షన్ సరిగ్గా వచ్చాక పాతది తీసేస్తే మధ్యలో ఏ ఆటంకమూ ఉండదు. సర్టిఫికెట్ గురించి ఎంట్రా 60, 30, 7 రోజుల ముందు మెయిల్ పంపుతుంది. కానీ మార్చకపోతే ఆ మెయిల్ వెళ్లేది అప్లికేషన్‌ని మొదట చేర్చిన అడ్మిన్‌కి. ఆయన కంపెనీ మారిపోతే ఆ మెయిల్ ఎవరూ చూడరు. ఈరోజే వెళ్లి అక్కడ టీమ్ మెయిల్ పెట్టుకోండి.

పెట్టేటప్పుడు తగిలే చిన్న విషయాలు రెండు చెప్పి వదిలేస్తాను. ఒకటి, ఎంట్రా గ్రూపులో గ్రూపు పెడితే లోపలి గ్రూపు మనుషులు స్కిమ్‌లో రారు, నేరుగా ఉన్న సభ్యులే వస్తారు. అందుకే క్లౌడ్ హక్కుల కోసం విడిగా గ్రూపులు చేసుకోవడం మేలు. రెండోది, ఇంటిపేరు ఖాళీగా ఉన్న యూజర్ రాడు. పేరు, ఇంటిపేరు, యూజర్‌నేమ్, డిస్‌ప్లే నేమ్ నాలుగూ ఉండాలి. ఒక్క పేరే ఉన్నవాళ్లకి ఇంటిపేరు గడిలో ఏదో ఒకటి రాయించాల్సిందే.

ఖర్చు సంగతి. ఐడెంటిటీ సెంటర్‌కి విడిగా ఫీజు లేదు. ఎంట్రాలో గ్రూపుల ద్వారా హక్కులివ్వాలంటే మాత్రం కనీసం పీ1 లైసెన్సు కావాలి.

చివరగా, ఎంట్రా ఆగిపోయిన రోజు సంగతి. అప్పుడు కొత్తగా ఎవరూ పోర్టల్‌లోకి రాలేరు. దానికోసం ఫెడరేషన్‌తో సంబంధం లేని అత్యవసర ఖాతాలు రెండు ఉంచాం. వాటికి హార్డ్‌వేర్ కీతో ఎంఎఫ్ఏ ఉంది, కీలు ఇద్దరు వేర్వేరు మనుషుల దగ్గర ఉంటాయి. వాటితో ఎవరు లాగిన్ అయినా టీమ్ మొత్తానికి వెంటనే అలర్ట్ వస్తుంది. మూడు నెలలకోసారి నిజంగా లాగిన్ అయి చూస్తాం. ఆ అలర్ట్ వచ్చిందో లేదో కూడా అప్పుడే సరిచూసుకుంటాం.