ఓరుగల్లు, గోల్కొండ: ఫొటోలో ఏ కోటో ఎలా పోల్చాలి?

వరంగల్ కోట అనగానే అందరూ పెట్టే ఫొటో ఆ రాతి తోరణానిదే. నిజానికి అది కోట ద్వారం కాదు. స్వయంభూ శివాలయం చుట్టూ నాలుగు దిక్కులా నిలిపిన తోరణాల్లో ఒకటి. దానికి తలుపుల్లేవు, పక్కన గోడా లేదు, కాబట్టి శత్రువును ఆపే పని దానిది కాదు. కోట ఎలా పోరాడిందో తెలియాలంటే అక్కడి నుంచి ఆటోలో రాతి గోడ ద్వారాల దగ్గరికి వెళ్లాలి. ఆటోవాళ్లు తోరణాల దగ్గరే ఆపేస్తారు, అందుకే బేరం ఆడేటప్పుడే తూర్పు ద్వారం కూడా చూడాలని చెప్పండి.

అక్కడ నాకు బాగా నచ్చింది దారి మలుపు. లోపలికి నేరుగా పోలేం, ఎత్తైన గోడల మధ్య పక్కకు తిరగాలి. ఏనుగైనా గుర్రపు దళమైనా ఆ మలుపులో వేగం పోగొట్టుకుంటుంది, పైనున్నవాళ్లకు సులువుగా దొరుకుతుంది. ఫొటోను ద్వారానికి ఎదురుగా తీస్తే ఈ సంగతి కనిపించదు. కాస్త పక్కగా, మలుపు రెండు వైపులా పడేలా తీయాలి.

గోల్కొండలోనూ ఆలోచన ఇదే, పద్ధతి వేరు. బాలాహిస్సార్ దర్వాజా ముందు ఒక అడ్డుగోడ కట్టారు, ఏనుగు దూరం నుంచి పరుగెత్తుకొచ్చి తలుపును గుద్దే వీలు లేకుండా. ఫతే దర్వాజా తలుపుల మీద ఇనుప మేకులూ అందుకే. అయినా 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత ఔరంగజేబు సైన్యానికి దారి దొరికింది లోపలివాళ్లు తలుపు తీయడం వల్లే.

ఫొటోలో ఈ రెండు కోటలను విడదీయడానికి రాయిని నమ్ముకోవద్దు. రెండూ గ్రానైటే, పెద్ద బండలు రెండు చోట్లా ఉన్నాయి. బురుజు ఆకారం చూడండి. 13వ శతాబ్దపు కాకతీయుల రాతి గోడకు బురుజులు చదరంగా, మూలలు తేలి ఉంటాయి. గోల్కొండవి ఎక్కువగా అర్ధవృత్తాలు. ఫిరంగి గుండుకు మూలలు త్వరగా విరుగుతాయి, గుండ్రటి గోడ దెబ్బను కొంత తట్టుకుంటుంది. పైగా బురుజు మీది ఫిరంగిని ఎక్కువ దిక్కులకు తిప్పుకోవచ్చు. అయితే గోడ పైభాగాన్ని మాత్రమే చూసి కాలం చెప్పకండి. తర్వాతి పాలకులు పాత గోడల మీద సున్నంతో కొత్త పిట్టగోడలు లేపడం దక్కన్‌లో మామూలే. కింది వరసలు కూడా ఫ్రేములోకి రావాలి.

బస విషయానికొస్తే, వరంగల్‌కు హైదరాబాద్ నుంచి పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగి రావడం నాకు నచ్చలేదు. కోటకు చేరేసరికి ఎండ నడినెత్తికొస్తుంది, బురుజు మూలలకు నీడ పడదు, చదరమో గుండ్రమో తేలదు. హనుమకొండలో ఒక రాత్రి ఉంటే ఉదయపు ఏటవాలు వెలుగు దొరుకుతుంది. మేం దిగిన హోటల్లో గది శుభ్రంగానే ఉంది, కానీ తెల్లవారుజామున కారు పెడతామన్నవాళ్లు పెట్టలేదు. బండి ముందు రాత్రే విడిగా మాట్లాడుకోవడం మేలు. గోల్కొండలో గైడ్ చప్పట్ల ప్రతిధ్వని మీదే ఎక్కువసేపు గడిపాడు. గోడలు చూడాలనుకునేవారు ఆ డబ్బు మిగుల్చుకుని, కారులో బయటి గోడ వెంట ఒక చుట్టు తిరిగితే చాలా ఎక్కువ తెలుస్తుంది.