నాలుగేళ్లుగా చేస్తున్న గుడ్డు బుర్జీ: తడి మెరుస్తుండగానే పొయ్యి ఆపడం గురించి

మా ఇంట్లో దీన్ని కోడిగుడ్డు పొరటు అంటాం. మేముండే మహారాష్ట్రలోని బల్లార్పూర్‌లో గడప దాటితే అదే అండా బుర్జీ. సాయంత్రం బండ్ల దగ్గర పావ్‌తో పెట్టేది, మా అమ్మ అన్నంలోకి చేసేది దాదాపు ఒకటే వంట. కానీ బండి మీది గుడ్డు మెత్తగా నోట్లో కరిగిపోయేది, మా ఇంట్లోది పంటి కింద సాగేది. ఆ తేడా చాలా ఏళ్లు నాకు అంతుపట్టలేదు. మసాలాలో ఏదో ఉందనుకుని అన్నీ మార్చి చూశాను. పాలు పోశాను, వెన్న వేశాను. ఫలితం లేదు.

ఒకరోజు బండి ముందు నిలబడి, బండి ఆయన చేతిని కాకుండా మంటను గమనించాను. గుడ్లు పోశాక బర్నర్ తగ్గించాడు. ఇంకా తడి మెరుస్తుండగానే పూర్తిగా ఆపేశాడు. పచ్చిగా ఉందేమోనని నేను అడిగేలోపు పెనం వేడికే అది సర్దుకుంది. "భావూ, ప్లేట్లోకి వచ్చేసరికి అయిపోతుంది" అన్నాడు. నాలుగేళ్లుగా ఇంట్లో ఆ ఒక్క పని పాటిస్తున్నాను. నా బుర్జీ మారింది దానివల్లనే. ఈ సమీక్ష కూడా దాని గురించే, మసాలాల గురించి కాదు.

గుడ్డు తెల్లసొన 60 డిగ్రీలు దాటగానే గట్టిపడటం మొదలుపెడుతుంది. 80 దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా బిగుస్తుంది. పచ్చసొన 65, 70 మధ్య చిక్కబడుతుంది. మనకు కావలసిన మెత్తదనం ఈ మధ్యలోనే ఎక్కడో ఉంటుంది. అది దాటితే గుడ్డులోని మాంసకృత్తులు ఇంకా దగ్గరకు ముడుచుకుని, తమలో పట్టి ఉంచిన నీటిని బయటికి పిండేస్తాయి. ముక్క రబ్బరులా సాగేది అందుకే. మంట ఆపినా మందపాటి ఇనుప కడాయిలో వేడి ఇంకో నిమిషం దాకా పని చేస్తూనే ఉంటుంది. మనం "అయిపోయింది" అనుకుని ఆపేసరికి గుడ్డుకు ఆ నిమిషం అదనంగా పడుతుంది. కాబట్టి ఆ నిమిషాన్ని లెక్కలో వేసుకుని ముందే ఆపాలి.

నేను చేసేది ఇలా. నాలుగు గుడ్లకు రెండు మోస్తరు ఉల్లిగడ్డలు, నాలుగు పచ్చిమిరపకాయలు, ఒక చిన్న టమాటా. గుడ్లు ఫ్రిజ్‌లోంచి ముందే తీసి, అర చెంచా ఉప్పు వేసి గిలకొట్టి, ఉల్లిగడ్డలు వేగేంతసేపు పక్కన పెడతాను. ఉప్పు ముందే వేస్తే గుడ్డు గట్టిపడుతుందని అమ్మ అనేది. నా అనుభవంలో పది నిమిషాలు ఉప్పుతో నానిన గుడ్డే తడిని బాగా పట్టి ఉంచింది. రెండు పెద్ద చెంచాల నూనెలో ఉల్లిగడ్డ, మిర్చి ఏడెనిమిది నిమిషాలు, అంచులు ఎర్రబడేదాకా వేగాలి. తర్వాత పసుపు, కొద్దిగా కారం, ధనియాల పొడి, టమాటా. టమాటా నూనె వదిలేదాకా ఆగాలి. ఇక్కడ తొందరపడితే ఉల్లిగడ్డ, టమాటాల్లో మిగిలిన నీళ్లలో గుడ్డు ఉడుకుతుంది. ముక్క కట్టకుండా చెదిరి, పలుచని గంజిలో నూకల్లా తేలుతుంది.

ఆ తర్వాత మంట పూర్తిగా తగ్గించి ఒక నిమిషం ఆగుతాను. కొద్దిగా గుడ్డు వేసి చూస్తే నెమ్మదిగా తెల్లబడాలి, చుర్రుమని ఎర్రబడకూడదు. అప్పుడు మొత్తం పోసి పది లెక్కపెట్టేదాకా ముట్టుకోను. అడుగున పొర కట్టాక అట్లకాడతో అంచు నుంచి మధ్యకు నెమ్మదిగా తోస్తాను. పొడి చేయను. ముక్క ఎంత చిన్నదైతే అంత త్వరగా ఎండుతుంది. అట్లకాడ వెళ్లిన దారిలోకి గుడ్డు తిరిగి పారడం మానేసి, పైన మాత్రం ఇంకా తడి మెరుస్తుంటే పొయ్యి ఆపేస్తాను. కొత్తిమీర చల్లి, ఇంకో ముప్పై నలభై సెకన్లు కలిపి వెంటనే పళ్లెంలోకి తీస్తాను.

మొదటి ఏడాది ఈ పద్ధతిని అందరికీ చెప్పేవాణ్ణి. ఎప్పుడు చేసినా, ఎవరు చేసినా వస్తుందని గట్టిగా అనేవాణ్ణి. కాగజ్‌నగర్ నుంచి అక్క, బావ పిల్లలతో వచ్చిన రోజు నా నమ్మకం దెబ్బతింది.

ఆ పొద్దున రైలు ఆలస్యమై అందరూ ఆకలితో వచ్చారు. ఒక్కసారికే అయిపోతుందని అదే కడాయిలో పన్నెండు గుడ్లు, ఆరు ఉల్లిగడ్డలు వేశాను. గుడ్లు అప్పుడే ఫ్రిజ్‌లోంచి తీసినవి. ఆరు ఉల్లిగడ్డలు ఆ కడాయిలో వేగలేదు, మగ్గాయి. అంచులు ఎర్రబడలేదు, అడుగున చెమ్మ అలాగే ఉంది. నేను గమనించలేదు. చల్లటి గుడ్లు పోయగానే కడాయి ఒక్కసారిగా చల్లబడింది. అడుగు గట్టిపడుతుంటే పైన పచ్చి గుడ్డు నిలబడే ఉంది. అలవాటు ప్రకారం మెరుపు చూసి పొయ్యి ఆపేశాను. ఆ కొద్ది వేడి పన్నెండు గుడ్లను సర్దలేకపోయింది. తీగలు సాగుతున్న గుడ్డు అలాగే ఉండిపోయింది.

మళ్లీ పొయ్యి వెలిగించాను. అప్పటిదాకా అది సరైన పనే. ఈసారి మంట పెద్దది పెట్టాను. రెండు నిమిషాల్లో పచ్చిదనం పోయింది కానీ అడుగున నీళ్లు కనిపించాయి. అక్క వెనక నిలబడి "ఏందిరా, అడుగుకు నీళ్లు ఊరుతున్నయి, ఇంకా కాలేదా?" అంది. నేనూ అదే అనుకుని ఇంకో మూడు నిమిషాలు ఉంచాను. నీళ్లు తగ్గకపోగా పెరిగాయి. బావ ఏమీ అనకుండా తిన్నాడు. అక్క చిన్నకొడుకు మాత్రం ముక్క నమిలి నమిలి పళ్లెం అంచున పెట్టాడు. అది చూసి నాకు చాలా బాధేసింది. ఇష్టంగా, నమ్మకంగా చేసిన వంట అది.

ఆ రోజు నుంచే రెండు తడుల తేడా చూడటం నేర్చుకున్నాను. పచ్చి గుడ్డు తడి చిక్కగా, పసుపుగా ఉంటుంది. గరిటెకు అంటుకుని సాగుతుంది. అది కనిపిస్తే ఇంకా వేడి కావాలి. పిండుకుపోయిన నీళ్లు పలుచగా, తేటగా ఉంటాయి. పళ్లెం వంచితే చప్పున ఒక పక్కకు పారతాయి. అవి కనిపిస్తే గుడ్డు ఉడకలేదని కాదు, మించిపోయిందని అర్థం. ఆ నీటిని చూసి మళ్లీ మంట పెట్టడమే ఆ రోజు నేను చేసిన తప్పు. ఎంత వేడి చేస్తే అంత పిండుకుపోతుంది. ఉల్లిగడ్డ సరిగా వేగకపోయినా ఇలాంటి నీళ్లే వస్తాయి, కానీ అవి గుడ్డు పోయకముందే అడుగున తెలిసిపోతాయి.

ఇప్పుడు ఎంతమంది వచ్చినా ఉల్లిగడ్డ మసాలా మొత్తం ఒకేసారి వెడల్పు మూకుట్లో వేయించి పెట్టుకుంటాను. గుడ్లు మాత్రం నాలుగేసి చొప్పున చేస్తాను. ఒక్కో విడతకు మూడు నిమిషాలు కూడా పట్టదు. తర్వాతిసారి అక్కవాళ్లు వచ్చినప్పుడు పిల్లాడు రెండోసారి వేయించుకున్నాడు.

కడాయి గురించి కూడా మొదట్లో అన్నంత గట్టిగా ఇప్పుడు అనలేను. ఇనుప కడాయి వేడిని బాగా నిలుపుతుంది, అదే దాని బలం. అందులోనే వదిలేస్తే మాత్రం గుడ్డు ఉడుకుతూనే ఉంటుంది, రంగు కూడా ముదిరి నల్లబారుతుంది. టమాటా ఎక్కువైతే ఇనుము వాసన తగులుతుంది. పలుచటి నాన్‌స్టిక్ పెనంలో చేసేవాళ్లకు నా లెక్క సరిపోదు. అది త్వరగా చల్లారుతుంది కాబట్టి, మెరుపు ఇంకొంచెం తగ్గాకే ఆపాలి.

నాకు ఇంకా పూర్తిగా తృప్తినివ్వనిది టిఫిన్ డబ్బా. బొగ్గు గనిలో షిఫ్ట్ డ్యూటీ నాది. వేడివేడిగా మూత పెడితే డబ్బాలోనే బుర్జీ మళ్లీ ఉడికి, ఆవిరి మూతకు పట్టి కిందికి కారి, విప్పేసరికి ఆ అక్క వచ్చిన రోజు పళ్లెంలా ఉండేది. ఇప్పుడు డబ్బా కోసం చేసేటప్పుడు నాలుగు గుడ్లకు ఒక చిన్న చెంచా కార్న్‌ఫ్లోర్‌ను రెండు చెంచాల నీళ్లలో కలిపి గుడ్డులో పోస్తాను. ఆ పిండి నీటిని పట్టుకుని గుడ్డు బిగుసుకోకుండా ఆపుతుంది. ఇది పూర్తిగా ఉడకనిచ్చి, పళ్లెంలో ఐదు నిమిషాలు పరిచి ఆవిరి పోయాక డబ్బాలో పెడతాను. నీళ్లు ఊరడం లేదు. రుచి మాత్రం పొయ్యి మీంచి తీసిన దానికి సాటి రాదు, గుడ్డు వాసన కొంచెం వెనక్కి పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో చంద్రపూర్ ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. అప్పుడు గంటల తరబడి డబ్బాలో గుడ్డు ఉంచను, పప్పు, పచ్చడి పట్టుకెళ్తాను.

తడి అంటే పచ్చి కాదని కూడా చెప్పాలి. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా ఉండవచ్చు. మా ఇంట్లో మేం చేసిన వెంటనే తింటాం, గుడ్లు తెచ్చిన వారంలోపే అయిపోతాయి, అందుకే ఈ మెత్తదనం నాకు కుదిరింది. అయినా మెరుపు ఉంటుంది కానీ పారే గుడ్డు ఎప్పుడూ మిగలనివ్వను. చిన్న పిల్లలకు, గర్భిణులకు, ముసలివాళ్లకు పెట్టేటప్పుడు మెరుపు కూడా పోయేదాకా ఉంచుతాను.

అమ్మకు అందుకే వేరుగా తీస్తాను. ఆమెకు ఎలాగూ పొరటు కాస్త పొడిపొడిగా ఉంటేనే ఇష్టం. మా వాటా పళ్లెంలోకి తీశాక ఆమెది ఆ ఇనుప కడాయిలోనే, సన్న మంట మీద ఇంకో నిమిషం కదుపుతాను.